మాటకి బొమ్మ: సుబ్బారావు గారి మీద ఒక నిమిషం వీడియోకి పేపర్ ఎడిట్

(ఎపిసోడ్‌లో మాట్లాడినదాన్నే కాస్త సర్ది రాశాం. వినే తీరిక లేనివాళ్లు చదువుకోవచ్చు.)



మనలో చాలామంది వీడియోలు చేస్తున్నాం. కొందరికి సొంత ఛానెల్ ఉంది. కొందరు తెలుగు సంఘం సభల్లో స్టేజీ మీద వేసే వీడియోలు చేసిపెడతారు. నేనూ అలా చేసేవాణ్ణే, పగలు వేరే ఉద్యోగం, రాత్రి ఎడిటింగ్. ఈ వీడియోల్లో చాలావాటికి ముందు స్క్రిప్ట్ ఉంటుంది, గొంతు ఉంటుంది, బొమ్మ ఉండదు. పాత మనిషి గురించో, పాత చట్టం గురించో చెప్తున్నాం. కెమెరా పట్టుకుని వెళ్లి తీయడానికి అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. కాబట్టి ఎవరో ఎప్పుడో తీసిన క్లిప్పులు తెచ్చి మన మాట మీద పరచాలి. ఏ వాక్యం మీద ఏ క్లిప్ పరుస్తామో, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద రాసుకోవడాన్ని పేపర్ ఎడిట్ అంటారు. ఈ రోజు అదొక్కటే చెప్తాను, ఒక నిమిషం వీడియో తీసుకుని.

ఆ నిమిషం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి. భీమవరంలో 1895లో పుట్టి, 1920ల మొదట్లో అమెరికా వచ్చి, హార్వర్డ్‌లో చదివి, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరిన శాస్త్రవేత్త. ఆయన గురించి తెలుగువాళ్లు వీడియోలు చేస్తూనే ఉంటారు. ఇబ్బంది ఏంటంటే, వెతికితే నా చేతికి దొరికినవి కొద్దిపాటి ఫోటోలే. ఆయన నడుస్తున్నదో మాట్లాడుతున్నదో ఒక్క క్లిప్ కూడా నా దగ్గర లేదు. అంటే మిగతా అంతా వేరేవాళ్ల బొమ్మలతో నింపాలి. పేపర్ ఎడిట్ అవసరం సరిగ్గా ఇలాంటి చోటే తెలుస్తుంది.

ముందు స్క్రిప్ట్ వినండి. ఆరు ముక్కలు.

ఒకటి. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, లుకేమియా వచ్చిన పిల్లలకి ఒక కొత్త మందు ఇచ్చి చూశాడు.

రెండు. ఆ మందు తయారైంది న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో, లెడర్లీ ల్యాబ్‌లో.

మూడు. అక్కడ పరిశోధనకి డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

నాలుగు. 1920లలో రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టర్ పని చేస్తూ, హార్వర్డ్‌లో చదువుకున్న మనిషి.

ఐదు. మళ్లీ ఇండియా వెళ్లలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశాడు.

ఆరు. ఆ తర్వాత 17 ఏళ్లకి, 1965 అక్టోబర్ 3న, లిబర్టీ ఐలాండ్‌లో ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు.

మొదటి పని క్లిప్పులు వెతకడం కాదు. ఈ ఆరు ముక్కల్నీ పైకి చదివి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవడం. నిమిషానికి ఇన్ని మాటలు అని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే లెక్క మనకి పనికిరాదు. తెలుగు మాట పొడుగు. విభక్తి, క్రియ, అన్నీ ఒకే మాటకి అతుక్కుని ఉంటాయి. పైగా అంకెలు మోసం చేస్తాయి. కాగితం మీద 1947 అంటే నాలుగు అంకెలు. నోటితో 'పంతొమ్మిది వందల నలభై ఏడు' అనేసరికి దాదాపు రెండు సెకన్లు అయిపోతుంది. నేను మామూలు వేగంతో చదివితే ఆ ఆరు ముక్కలకీ వరసగా 9, 6, 6, 8, 5, 10 సెకన్లు వచ్చాయి. మొత్తం 44. ముక్కకీ ముక్కకీ మధ్య ఊపిరి, మొదట్లో చివర్లో కాస్త ఖాళీ, అన్నీ కలిపి 16 సెకన్లు. అలా నిమిషం. ఆ 16 సెకన్లకి కూడా బొమ్మ కావాలన్నది చాలామంది మరిచిపోతారు. మాట ఉన్నంత మేరకే క్లిప్ కొలుచుకుంటే, తీరా ఎడిట్‌లో కూర్చున్నాక ప్రతి ముక్క తర్వాతా నల్ల తెర వస్తుంది.

ఇప్పుడు క్లిప్పులు. అమెరికాలో ఉండటం వల్ల మనకి ఒక సౌకర్యం ఉంది. ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు ఉద్యోగంలో భాగంగా తీసిన సినిమాలకి ఈ దేశంలో కాపీరైట్ ఉండదు. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల catalog.archives.gov లో అలాంటివి బోలెడు. యూనివర్సల్ వాళ్ల పాత న్యూస్‌రీళ్లు, 1929 నుంచి 1967 దాకా తీసినవి, అక్కడే ఉన్నాయి. archive.org లో ప్రెలింగర్ ఆర్కైవ్స్ అని ఇంకో పెద్ద గుట్ట ఉంది. పాత కంపెనీ సినిమాలు, స్కూళ్లలో చూపించిన సినిమాలు, ప్రకటనలు. అయితే ప్రభుత్వ ఆర్కైవ్‌లో ఉన్నంత మాత్రాన ప్రతిదీ ఉచితం కాదు. బయటివాళ్లు ఇచ్చిన సినిమాలు కూడా అక్కడ ఉంటాయి. బొమ్మ ఉచితమే అయినా అందులో వినిపించే పాటకి వేరే హక్కుదారు ఉండొచ్చు. అందుకే ప్రతి క్లిప్ పేజీలో హక్కుల గురించి ఏం రాశారో చదివి, ఆ మాటనే నా షీట్‌లో ఒక గడిలో పెట్టుకుంటాను.

షీట్ అంటే పెద్ద ఏమీ లేదు. ఒక్కో క్లిప్‌కి ఒక్కో వరస. దానికి నేను పెట్టుకున్న నంబరు, ఫైలు పేరు, ఎన్నో నిమిషం ఎన్నో సెకను నుంచి ఎక్కడిదాకా, బొమ్మలో నిజంగా ఏం కనిపిస్తోంది, ఎప్పుడు ఎక్కడ తీశారు, హక్కులు. 'నిజంగా ఏం కనిపిస్తోంది' అన్నచోట జాగ్రత్త. 'శాస్త్రవేత్త పరిశోధన' అని రాయకూడదు. 'తెల్లకోటు మనిషి, వెనకనుంచి, గాజుగొట్టం పైకెత్తి చూస్తాడు, 5 సెకన్లు' అని రాయాలి. మొదటిది మన ఆశ. రెండోది క్లిప్. ఆరు వారాల తర్వాత షీట్ చూసి ఎంచుకునేటప్పుడు రెండోదే పనికొస్తుంది.

సమయం విషయంలో ఒక చిక్కు చెప్తాను. ఒకే సినిమాకి వెబ్‌లో చూసే కాపీ ఒకటి, డౌన్‌లోడ్ చేసే పెద్ద ఫైలు ఒకటి ఉంటాయి. రెండింటికీ మొదలు ఒకేచోట ఉండకపోవచ్చు. చూసిన కాపీలో 04:12 అని రాసుకుని, పెద్ద ఫైలులో అక్కడికి వెళ్తే వేరే దృశ్యం ఉంటుంది. అందుకని ముందే పెద్ద ఫైలు దించుకుని, దాంట్లోనే చూసి రాసుకోవడం మేలు. కుదరకపోతే ఏ కాపీలో లెక్కపెట్టారో షీట్‌లో రాయండి.

ఇక అసలు పని, మాటకి బొమ్మ కట్టడం. నేను క్లిప్పుల్ని మూడు రకాలుగా గుర్తు పెట్టుకుంటాను. ఒకటో రకం, మాట దేని గురించో అచ్చం అదే. రెండో రకం, అదే కాలానిదో అదే చోటుదో, కానీ ఆ సంగతి కాదు. మూడో రకం, ఊరికే దాన్ని గుర్తుచేసేది. మూడూ వాడొచ్చు. కానీ మూడో రకాన్ని ఒకటో రకంలా కనిపించేట్టు పెడితే చూసేవాళ్లకి అబద్ధం చెప్పినట్టే. వాళ్లు స్క్రిప్ట్ చూడరు, షీట్ చూడరు. చెవిన పడ్డదానికి కంటికి కనిపించేది సాక్ష్యం అనుకుంటారు.

నాలుగో ముక్క చూడండి. 1920లలో బోస్టన్. 'వలస' అని వెతకగానే అందరికీ ముందు తగిలేది ఎల్లిస్ ఐలాండ్. ఎడిసన్ కంపెనీ 1903లో తీసిన క్లిప్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. పడవ దిగి మూటలు మోసుకుని నడుస్తున్న జనం. చాలా బావుంటుంది. కానీ అది న్యూయార్క్ రేవు, కథకి దాదాపు 20 ఏళ్ల ముందుది. దాన్ని ఇక్కడ పెడితే, ఆ గుంపులో సుబ్బారావు గారు ఉన్నారేమో అని పిల్లలు వెతుకుతారు. అందుకని దాన్ని పక్కన పెట్టి, 1920ల బోస్టన్ వీధి క్లిప్ ఒకటి తీసుకున్నాను. రెండో రకం. కాలం సరిపోయిందో లేదో కార్లు చూస్తే, ఆడవాళ్ల బట్టల పొడుగు చూస్తే కొంత తెలుస్తుంది. క్లిప్ కింద రాసిన సంవత్సరాన్ని ఒక్కదాన్నే నమ్మను.

ఆ క్లిప్ మూగ సినిమా కాలంది. అప్పట్లో చేత్తో తిప్పే కెమెరాలు. సెకనుకి 16 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని ఇప్పుడు 24 చొప్పున ఆడిస్తే జనం కోళ్లలా గబగబా నడుస్తారు. పాత సినిమా అంటే నవ్వు రావడానికి సగం కారణం అదే. వేగం తగ్గించి మామూలు నడకకి తేవాలి. నాకు దొరికిన ముక్క 4 సెకన్లు, అంటే 96 ఫ్రేములు. 16 చొప్పున ఆడిస్తే 6 సెకన్లు అయింది. పేపర్ ఎడిట్‌లో 6 అనే రాయాలి, 4 అని కాదు. మనకి అది కలిసొచ్చింది కూడా.

మొదటి ముక్క ఇంకా కష్టం. లుకేమియా వచ్చిన పిల్లలు. పాత ఆసుపత్రి సినిమాల్లో మంచం మీద పిల్లల ముఖాలు దగ్గరగా తీసినవి దొరుకుతాయి. ఆ పిల్లవాడికి టాన్సిల్స్ ఆపరేషన్ అయి ఉండొచ్చు. మన మాట కింద పెడితే వాడికి క్యాన్సర్ అని మనమే రాసినట్టు. వాడి కుటుంబం ఇక్కడే ఏ ఊళ్లోనో ఉండొచ్చు. అందుకే ముఖాలు వద్దనుకున్నాను. ఖాళీ వరండా, మందుల ట్రే పట్టుకెళ్తున్న నర్సు వెనకవైపు, కిటికీ. కింద చిన్న అక్షరాలతో '1940ల ఆసుపత్రి, పాత సినిమా నుంచి' అని. ఆ ఒక్క పంక్తితో రెండో రకం రెండో రకంగానే కనిపిస్తుంది.

ఐదో ముక్క దగ్గర నేనూ, నాతో కలిసి చేసే మిత్రుడూ గంటసేపు వాదించుకున్నాం. 'మళ్లీ ఇండియా వెళ్లలేదు.' ఆయన భార్య ఇండియాలోనే ఉండిపోయారు. మిత్రుడు ఒక క్లిప్ తెచ్చాడు. పల్లెటూరు, ఇంటి అరుగు మీద కూర్చుని దారివైపు చూస్తున్న ఆవిడ. బావుంది, చూస్తే గుండె పట్టేస్తుంది. "ఇది పెడితే హాల్లో అందరూ ఏడుస్తారన్నా" అన్నాడు. నిజమే, ఏడుస్తారు. మనలో ఎంతమందికి ఊళ్లో అలా చూసే మనిషి లేదు? కానీ ఆవిడెవరో మాకు తెలీదు. ఆ మాట కింద ఆవిడ సుబ్బారావు గారి భార్య అయిపోతుంది. ఒక అసలు మనిషి దుఃఖానికి ఇంకో అసలు మనిషి ముఖం అరువు తెచ్చినట్టు. చివరికి ఆయన ఫోటోనే పెట్టాం. జూమ్ లేదు, కదలిక లేదు. మాట అయిపోయాక కూడా మూడు సెకన్లు అలాగే. క్లిప్ దొరకని చోట ఫోటోని కదలకుండా నిలపడం కూడా ఎంపికే. ఆ ఫోటో ఎవరిదో, వాడుకోవచ్చో లేదో అడిగి తెలుసుకోవాలన్నది మాత్రం క్లిప్పులకి ఉన్నట్టే దీనికీ ఉంది.

ఆరో ముక్కకి మాత్రం అదృష్టం. ఒకటో రకం ఉంది. 1965 అక్టోబర్ 3న లిబర్టీ ఐలాండ్‌లో, ఆరుబయట బల్ల వేసుకుని జాన్సన్ సంతకం పెడుతున్నది సినిమాగా తీశారు. ఇక్కడ చూడాల్సింది వేరే, బొమ్మ ఎప్పుడు పడాలి అన్నది. ఇంగ్లీషు వాక్యంలో 'జాన్సన్ సంతకం పెట్టాడు' అన్నది ముందే వచ్చేస్తుంది. తేదీ, చోటు తర్వాత. ఇంగ్లీషు వీడియో చూసి అలవాటైన చెయ్యి సంతకం షాట్‌ని మొదట్లోనే వేస్తుంది. మన వాక్యంలో క్రియ చివర. 10 సెకన్ల మాటలో 'సంతకం' దాదాపు ఎనిమిదో సెకను తర్వాత వస్తుంది. కలం ముందే కనిపించేస్తే, మాట వచ్చేసరికి బొమ్మ చల్లారిపోయి ఉంటుంది. అందుకని ముందు దూరంనుంచి దీవి, తర్వాత జనం, బల్ల. కలం కాగితం మీద పెట్టే షాట్ ఆ మాటకి ఒక సెకను ముందు. మూడో ముక్కలోనూ అంతే. పేరు చివర్లో వస్తోంది కాబట్టి ఆయన ఫోటో కూడా అప్పుడే.

మొత్తం కలిపితే కాగితం ఇలా వచ్చింది.

0:00 నుంచి 0:13, ఒకటో ముక్క. ఆసుపత్రి వరండా 5 సెకన్లు, నర్సు ట్రే 4, కిటికీ 4. రెండో రకం, కింద పంక్తి.

0:13 నుంచి 0:21, రెండో ముక్క. పెర్ల్ రివర్ చూపించే మ్యాపు 4, ల్యాబ్ బల్లల వరస 4. ల్యాబ్ లెడర్లీది కాదు, మూడో రకం, కాబట్టి గోడ మీద వేరే కంపెనీ పేరు కనిపించే భాగం కోసేయాలి.

0:21 నుంచి 0:29, మూడో ముక్క. గాజుగొట్టం పట్టుకున్న చేతులు 4, ఆయన ఫోటో 4. చేతులే, ముఖం వద్దు.

0:29 నుంచి 0:39, నాలుగో ముక్క. బోస్టన్ వీధి, వేగం తగ్గించి, 6. రాత్రి ఆసుపత్రి కిటికీల్లో దీపాలు 4.

0:39 నుంచి 0:47, ఐదో ముక్క. ఫోటో 8, కదలిక లేదు.

0:47 నుంచి 1:00, ఆరో ముక్క. దీవి 4, జనం, బల్ల 3, సంతకం 6. ఒకటో రకం, సాక్ష్యంగా నిలబడుతుంది.

ఇక్కడ రాసిన ప్రతి క్లిప్‌నీ అటూ ఇటూ ఒక్కో సెకను ఎక్కువే తీసుకుని పెట్టుకుంటాను. గొంతు చెప్పేవాళ్లు రికార్డింగ్ రోజున కాస్త నిదానంగా చదివితే కాగితం అంతా తలకిందులు కాకుండా.

ఇది సరిగ్గా వచ్చిందో లేదో సాఫ్ట్‌వేర్ లేకుండానే తెలుసుకోవచ్చు. ఒక్కో క్లిప్‌లోంచి ఒక్కో బొమ్మ తీసి ఫోన్‌లో వరసగా పెట్టుకోండి. ఒకరు గడియారం చూస్తూ చదవాలి, ఇంకొకరు బొమ్మలు మార్చాలి. మూడో మనిషి, స్క్రిప్ట్ తెలియనివాడు, చూడాలి. అయిపోయాక ఒక్కో బొమ్మ చూపించి "ఇదెవరు, ఇదెక్కడ" అని అడగండి. మేము అడిగినప్పుడు ఆ చేతుల్ని సుబ్బారావు గారి చేతులే అన్నారు. అందుకే తర్వాత ఆ షాట్‌కి కూడా కింద పంక్తి చేర్చాం. ఇలాంటిది కాగితం మీద ఉండగా తెలిస్తే రెండు నిమిషాల పని. వీడియో హాల్లో వేశాక తెలిస్తే సర్దుకోలేం.

ఒక మాట మిగిలింది. కొన్నిసార్లు ఎంత వెతికినా వాక్యానికి బొమ్మ దొరకదు. అప్పుడు వాక్యాన్నే మార్చాలి. మా మొదటి స్క్రిప్ట్‌లో, సుబ్బారావు గారు ల్యాబ్‌లో తన జట్టుతో ఎలా మాట్లాడేవారో చెప్పే వాక్యం ఉండేది. దానికి ఏ బొమ్మ పెట్టినా నాటకంలా వచ్చింది. కాబట్టి తీసేశాం. ఆ చోటులోనే పెర్ల్ రివర్ పేరు వచ్చింది. ఊరి పేరుకి మ్యాపు ఉంది, మ్యాపు అబద్ధమాడదు.

మీరు చేస్తున్న వీడియోలో బొమ్మ దొరకని వాక్యం ఏదైనా ఉంటే, ఆ వాక్యం, దాని పొడవు సెకన్లలో రాసి కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో రెండు మూడు తీసుకుని కాగితం మీద కూర్చోబెడదాం. ఉంటానండి.